పెడల్ పని చేతికి మార్చడం

కాళ్లలో పట్టు లేని మనిషి కారు నడపాలంటే పెడళ్ల పని చేతికి మార్చాలి. పాదాలు పనిచేస్తూ పొడవు చాలనివారికి అంత మార్పు అక్కర్లేదు. 2021లో వార్తల్లోకి వచ్చిన హైదరాబాద్ వాసి గట్టిపల్లి శివపాల్ సుమారు మూడడుగుల ఎత్తు మనిషి. ఆయన కారులో పెడళ్లనే కాళ్లకు అందేటట్టు పైకి తెచ్చారు. కాలు అసలు నొక్కలేనప్పుడే చేతి లివరు కావాలి.

వల్లూరులో ఉంటూ ప్రొద్దుటూరులో అంగడి నడుపుకునే ఒక మనిషిని అనుకుందాం. పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి, చేతులు మాత్రం గట్టివి. ఆయనకు మొదటి నిర్ణయం గేర్లది. క్లచ్‌ను కూడా చేతికో మోటారుకో మార్చే ఏర్పాట్లు ఉన్నాయి గానీ, క్లచ్చే లేని ఆటోమేటిక్ కారు కొనడం మేలు. చేతులకు ఎటూ పని పెరుగుతోంది, అందులో ఒకటైనా తగ్గాలి.

లివరును స్టీరింగ్ కింద ఎడమవైపు బిగిస్తారు. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటరు. ఇందులో మంచి ఆలోచన ఉంది. బండి ఉన్నట్టుండి ఆగితే ఒళ్లు ముందుకు తూలుతుంది, ఆ తూలుడు కూడా చేతిని బ్రేకువైపే నెడుతుంది. లివరు నుంచి ఒక కడ్డీ బ్రేకు పెడల్‌కూ, మరో కడ్డీ లేదా కేబులు యాక్సిలరేటరుకూ పోతాయి. పెడళ్లు తీసేయరు కాబట్టి ఇంట్లోవాళ్లు అదే కారును కాళ్లతో నడుపుకోవచ్చు.

ఎడమ చెయ్యి లివరు మీదే ఉండిపోతుంది గనుక కుడి చేతికి స్టీరింగ్ మీద నాబ్ బిగిస్తారు. గడియారంలో 3, 4 అంకెలుండే చోట ఇది చాలామందికి సుఖంగా ఉంటుంది. పవర్ స్టీరింగ్ లేకపోతే దీన్ని ఒంటిచేత్తో తిప్పడం కష్టం. నాబ్ ఎయిర్‌బ్యాగ్ మూత మీదికి రాకూడదు.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీ వెనకాల పోతున్నప్పుడు ఈ అమరిక ఎంత పనికొస్తుందో తెలుస్తుంది. లారీ ఆగుతూ కదులుతూ ఉంటే ఒకే లివరు ముందుకూ వెనక్కూ ఆడుతుంది, బ్రేకు నుంచి యాక్సిలరేటరుకు చెయ్యి మార్చే పని లేదు. చిక్కు బయల్దేరేటప్పుడు వస్తుంది. పార్కింగ్ నుంచి డ్రైవ్‌లోకి గేరు మార్చాలంటే బ్రేకు నొక్కి ఉంచాలి. గేరు లివరూ ఎడమ పక్కనే, బ్రేకు పట్టిన చెయ్యీ ఎడమదే. అందుకే బ్రేకును నొక్కినచోటే నిలిపే లాక్ ఉన్న లివరు తీసుకోవాలి. లేదంటే ప్రతిసారీ కుడి చెయ్యి అడ్డంగా చాచి బ్రేకు పట్టుకోవలసి వస్తుంది.

ప్రమాదం పెడళ్ల దగ్గరే ఎక్కువ. పట్టులేని పాదం జారి బ్రేకు పెడల్ కిందికి పోతే చేత్తో ఎంత నెట్టినా పెడల్ పూర్తిగా దిగదు. యాక్సిలరేటరు మీద వాలితే కారు దానంతటదే ఊపందుకుంటుంది. దీనికి పాదాలు అటు పోకుండా ఆపే రేకు అడ్డు ఉంటుంది. నడపడం మరొకరి వంతైనప్పుడు దాన్ని తీసేయొచ్చు. ఖర్చు తగ్గించుకోవడానికి దీన్ని వదిలేయడం తప్పు.

మెకానిక్ బిగించాక, కారు కదలకముందే లివరును చివరిదాకా నెట్టి చూడాలి. డ్యాష్‌బోర్డుకో మోకాలికో తగలకుండా బ్రేకు పూర్తిగా పడాలి. లాగి వదిలితే యాక్సిలరేటరు తనంతట తాను వెనక్కి రావాలి. కొన్ని రోజులు తిరిగాక బిగింపు నట్లు వదులవుతాయి. లివరు మునుపటికన్నా ఎక్కువ దూరం పోతున్నా, టక్కుమని చప్పుడు వచ్చినా, వెంటనే బండి ఆపి బిగించాలి.

ఇక గొంతుతో నడిచే పనులు. ఫోను, దారి చూపే మ్యాపు, కొన్ని కార్లలో ఏసీ మాటతో నడుస్తాయి. రెండు చేతులకూ పని ఉన్నవారికి ఇది నిజమైన సాయమే. కేరళలో చేతులు లేకుండా పుట్టిన జిలుమోల్ మేరియట్ థామస్ 2023 డిసెంబర్‌లో కాళ్లతో కారు నడిపే లైసెన్సు అందుకున్నారు. ఆమె కారులో ఇండికేటర్లు, వైపర్లు మాటతో పనిచేసేటట్టు కొచ్చి సంస్థ ఒకటి అమర్చింది. అయితే అద్దాలు దించుకుని లారీల మోతలో పోతుంటే మాట సరిగా అందదు, అందినా పని జరగడానికి క్షణం పడుతుంది. కాబట్టి హారన్‌ను మాటకు వదలకూడదు, దాని బటన్ లివరు పిడికే ఉండాలి. బ్రేకు సంగతి చెప్పనక్కర్లేదు.

కాగితాల పనిలో ముందువెనకలు ముఖ్యం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద వాహనంలో చేసిన మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. లైసెన్సు కూడా అలా మార్చిన వాహనానికే ఇస్తారు. డ్రైవింగ్ పరీక్ష ఆ కారులోనే కాబట్టి లివరు బిగింపు పరీక్షకు ముందే పూర్తవ్వాలి. బీమా కంపెనీకి మార్పు సంగతి రాసి ఇవ్వాలి. ఆర్‌సీలో నమోదైన ఇలాంటి కారుకు సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు అడగొచ్చు.