రూటర్‌కు తగిలించిన ప్రింటర్ ఎప్పుడు మొరాయిస్తుంది?

నెట్‌వర్క్ సౌకర్యం లేని పాత ప్రింటర్‌ను నాలుగు కంప్యూటర్లూ వాడుకోవాలంటే, దాని యూఎస్‌బీ కేబుల్‌ను రూటర్ వెనకున్న పోర్టులో గుచ్చడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. కొన్నిచోట్ల అది ఏళ్ల తరబడి చక్కగా నడుస్తుంది. ఇంకొన్నిచోట్ల మొదటి రోజే చేతులెత్తేస్తుంది. చెడ్డప్పుడల్లా నింద రూటర్ మీదికో వైఫై మీదికో పోతుంది. నిజానికి ఈ పద్ధతి పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు ప్రింటరే నిర్ణయిస్తుంది. పేజీని గీసే తెలివి ప్రింటర్‌లో ఉందా, కంప్యూటర్‌లో ఉందా అన్నదే అసలు ప్రశ్న.

రూటర్ ఇక్కడ చేసే పని చాలా చిన్నది. హెచ్‌పీ 1991లో జెట్‌డైరెక్ట్ అనే పరికరంతో ప్రింటర్లను నేరుగా నెట్‌వర్క్‌కు కలపడం మొదలుపెట్టింది. వాటితో స్థిరపడిన 9100 అనే పోర్టు నంబరునే నేటికీ అందరూ వాడుతున్నారు. ఆ పోర్టుకు వచ్చిన బైట్లను ముట్టుకోకుండా ప్రింటర్‌కు అందించడమే రూటర్ వంతు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన రూటర్లలో ఈ పని చేసే చిన్న ప్రోగ్రామ్ p910nd. ఒక చివర 9100 పోర్టు, రెండో చివర /dev/usb/lp0 అనే ప్రింటర్ ఫైలు, మధ్యలో అదొక గొట్టం. వచ్చింది అక్షరమో బొమ్మో దానికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. పనిని తన దగ్గర దాచుకోదు కూడా. అందుకే ఇరవై పేజీల పని పంపుతూ మధ్యలో ల్యాప్‌టాప్ మూత వేస్తే, ప్రింటర్ సగంలో ఆగి మిగతా పేజీల కోసం ఎదురుచూస్తుంది. ఈలోగా పక్క గదిలోంచి పంపిన పని వెనక నిలబడిపోతుంది.

విండోస్‌లో దీన్ని అమర్చేటప్పుడు Standard TCP/IP Port ఎంచుకుని, రూటర్ చిరునామా, ఉదాహరణకు 192.168.1.1 ఇచ్చి, Raw, 9100 అని పెడితే చాలు. డ్రైవర్ మాత్రం ఆ ప్రింటర్‌దే ఉండాలి. ఇక్కడ చాలామంది తట్టుకుని పడే రాయి ఒకటుంది. అదే సెట్టింగుల్లో SNMP Status Enabled అనే టిక్కు ఉంటుంది. అది ఉంటే, ప్రింటర్ బాగానే ఉందా అని విండోస్ రూటర్‌ను అడుగుతూ ఉంటుంది. ఆ భాషకు రూటర్ జవాబివ్వదు. దాంతో ప్రింటర్ శుభ్రంగా వెలుగుతూనే ఉన్నా తెరమీద Offline అని పడుతుంది. టిక్కు తీసేస్తే సరి.

అసలు చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1320 వంటి ప్రింటర్ పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ భాషలను తానే చదివి, పేజీని తనలోనే గీసుకుంటుంది. మన ఊళ్లలో జెరాక్స్ సెంటర్లలో, డీటీపీ కొట్లలో ఎక్కువగా కనిపించే హెచ్‌పీ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 అలాంటివి కావు. వాటిని చవగ్గా అమ్మడానికి ఆ తెలివిని కంప్యూటర్‌లోని డ్రైవర్‌కు అప్పగించారు. చుక్కచుక్కగా గీసిన బొమ్మను డ్రైవర్ పంపితే, ప్రింటర్ దాన్ని కాగితం మీదికి దించుతుంది.

హెచ్‌పీ 1020 ఇంకో మెట్టు కింద ఉంది. దాన్ని నడిపించే ఫర్మ్‌వేర్ కూడా దానిలో శాశ్వతంగా ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని డ్రైవర్ యూఎస్‌బీ ద్వారా దాన్ని ఎక్కిస్తుంది. ప్రింటర్‌ను రూటర్‌కు తగిలిస్తే ఎక్కించేవారు ఉండరు. ఒక కొట్టులో ఇది ఎలా బయటపడుతుందో చూడండి. ప్రింటర్‌ను ముందు కంప్యూటర్‌కు కలిపి ఒక పేజీ తీశారు. ఆపకుండానే కేబుల్ తీసి రూటర్‌కు పెట్టారు. అన్ని కంప్యూటర్ల నుంచీ ప్రింట్లు వచ్చాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్లు, రూటర్ యూపీఎస్ మీద నిలిచాయి. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది కాబట్టి దాన్ని యూపీఎస్‌కు పెట్టరు, అది ఆరిపోయింది. కరెంటు వచ్చాక దీపాలు వెలిగాయి గానీ కాగితం కదలలేదు. విండోస్ మాత్రం పని వెళ్లిపోయిందనే చెబుతుంది, ఎందుకంటే బైట్లు నిజంగానే వెళ్లాయి. కరెంటు పోయి వచ్చాక ఆగిపోయి, కంప్యూటర్‌కు ఒకసారి కలిపితే మళ్లీ పనిచేస్తోందంటే అది ఫర్మ్‌వేర్ జబ్బే. రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు.

దీనికి మందు ఉంది. డ్రైవర్ చేసే పనిని రూటర్ చేతే చేయించాలి. ఫూటూజెడ్‌జేఎస్ అనే స్వేచ్ఛా డ్రైవర్‌తో దొరికే ఫర్మ్‌వేర్ ఫైలును రూటర్‌లో పెట్టి, ప్రింటర్ కనిపించగానే ఈ ఒక్క వరుస నడిచేలా /etc/hotplug.d/usb లో రాస్తే చాలు:

```
cat /root/sihp1020.dl > /dev/usb/lp0
```

ఈ స్క్రిప్టు 03f0:2b17 అనే గుర్తింపు ఉన్న పరికరానికే స్పందించాలి. ప్రింటర్ తన గురించి చెప్పుకునే వరుసలో FWVER అనే మాట ఉంటే ఫర్మ్‌వేర్ అప్పటికే ఎక్కినట్టు, మళ్లీ పంపకూడదు. అయితే ఇది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటిది వేసుకోగల రూటర్లకే. ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చే పెట్టెల్లో చాలావాటికి ఆ స్వేచ్ఛ ఉండదు.

కెనాన్ 2900కు ఈ మందు పనిచేయదు. దాని క్యాప్ట్ పద్ధతిలో డ్రైవర్, ప్రింటర్ పేజీ పేజీకీ మాట్లాడుకుంటాయి. సిద్ధమా అని ఒకటి, సిద్ధమే అని ఇంకోటి. విండోస్ 9100 పోర్టు ఒకవైపు పంపడానికే తప్ప ఆ సంభాషణను మోయడానికి కాదు. కాబట్టి ఈ ప్రింటర్ ఉన్నవాళ్లు రూటర్‌తో కుస్తీ మానుకుని, ఒక కంప్యూటర్‌కే కలిపి అక్కడి నుంచి షేర్ చేసుకోవడం మేలు.

మీ ప్రింటర్ ఏ కోవకు చెందిందో తేల్చడానికి డ్రైవర్ అక్కర్లేదు. లినక్స్ లేదా మ్యాక్ నుంచి ఇలా పంపి చూడండి:

```
printf 'Namaste\r\n\f' | nc 192.168.1.1 9100
```

పీసీఎల్ తెలిసిన ప్రింటర్ ఆ మాటను అచ్చేసి కాగితాన్ని బయటికి నెడుతుంది. చివరనున్న \f లేకపోతే కాగితం లోపలే ఉండి దీపం మాత్రం మిణుకుతుంది. \r లేకుండా నాలుగు వరుసలు పంపితే అవి మెట్లలా కుడివైపుకు దిగుతూ వస్తాయి. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా దారి బాగున్నట్టే, ఇక వెతకాల్సింది డ్రైవర్ సెట్టింగుల్లో. కనెక్షన్ కుదిరి కూడా ఏమీ జరగకపోతే ఆ ప్రింటర్‌కు సొంత తెలివి లేదని దాదాపు ఖాయం. పోస్ట్‌స్క్రిప్ట్ మాత్రమే తెలిసిన కొన్ని ప్రింటర్లు దీనికి మినహాయింపు.

రూటర్ కంపెనీలు ఇచ్చే నెట్‌యూఎస్‌బీ వంటి సాఫ్ట్‌వేర్ ఉండగా ఈ గొడవంతా ఎందుకని అడగవచ్చు. అది మొత్తం యూఎస్‌బీ కేబుల్‌నే నెట్‌వర్క్ మీదుగా సాగదీస్తుంది కాబట్టి డ్రైవర్, ప్రింటర్ మధ్య సంభాషణ కూడా నడుస్తుంది, స్కానరూ పనిచేయవచ్చు. కానీ ఒకసారికి ఒక కంప్యూటరే దాన్ని పట్టుకోగలదు, ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ సాఫ్ట్‌వేర్ వేయాలి. పైగా 2015లో దాని లోపం ఒకటి బయటపడింది. 64 అక్షరాలకు మించిన కంప్యూటర్ పేరు పంపితే రూటర్ లోపలి మెమరీ పొంగిపోయేది. 9100 పోర్టుకూ తాళం లేదు, ఇంటి నెట్‌వర్క్‌లో ఎవరైనా అచ్చు వేయవచ్చు. దాన్ని బయటి ఇంటర్నెట్‌కు మాత్రం ఎన్నడూ తెరవకూడదు.

వైఫై ప్రింటర్ కొంటే పోదా అన్నది బలమైన అభ్యంతరమే. స్కానింగ్, ఫోన్ నుంచి ప్రింటింగ్ రోజూ కావాల్సిన ఇంటికి నేనూ అదే చెబుతాను. నల్ల అక్షరాల కాగితాలే వందలు తీసే కొట్టుకు, టోనర్ చవగ్గా దొరికే పాత లేజర్ ఇంకా నడుస్తుంటే, దాన్ని మార్చడానికి నెట్‌వర్క్ లేకపోవడం ఒక్కటే చాలిన కారణం కాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు వివరాల పట్టికలో పీసీఎల్ 5ఈ లేదా పీసీఎల్ 6 అనే మాట కోసం చూడాలి. హోస్ట్ బేస్డ్, జీడీఐ, క్యాప్ట్ అని ఉంటే, రూటర్‌కు తగిలించే ఆలోచన ఉన్నవాళ్లు దాన్ని అక్కడే వదిలేయడం మంచిది.