ఆ 20 సెకన్లలో ఏం చెప్పాలి?

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరిగిన ప్రతిసారీ టీవీలో ఒక ఘట్టం తప్పదు. ఓవర్ మధ్యలో ఫీల్డర్ వంగి లేసు కట్టుకుంటాడు, లేదా సైట్‌స్క్రీన్ ముందు ఎవరో అడ్డొస్తారు. ఆ ఖాళీలో డైరెక్టర్ చార్మినార్ దృశ్యం వేస్తాడు. ఇంకేముంది, కామెంటరీ గదిలో బిర్యానీ ఉడకడం మొదలవుతుంది. దాని వెనకాలే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, లాడ్‌బజార్ గాజులు. బౌలర్ పరుగు మొదలెట్టేసరికి పాతబస్తీ తిరిగొచ్చినట్టే ఉంటుంది గానీ ఆట గురించి కొత్తగా తెలిసింది ఒక్కటీ ఉండదు.

ఈ ఖాళీలు చిన్నవేమీ కావు. టెస్టులో ఆరు గంటల ఆటకు 90 ఓవర్లు వేయాలన్నది లెక్క, అంటే ఓవర్‌కు నాలుగు నిమిషాలు, 240 సెకన్లు. బంతి బౌలర్ చేతిలోంచి వెళ్లి ఆట ఆగేదాకా సగటున ఆరు సెకన్లు అనుకున్నా ఆరు బంతులకు 36 సెకన్లే. మిగిలిన 200 సెకన్లు నడక, చూపు, చెమట తుడుచుకోవడం. టీవీలో ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య సమయాన్ని ప్రకటనలు ఎత్తుకుపోతాయి కాబట్టి కొంత నయం. రేడియోలో అదీ కామెంటేటరే మోయాలి. మన దేశంలో తొలితరం వ్యాఖ్యాత ఏ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ పక్కన ఎవరినీ కూర్చోనివ్వకుండా రోజంతా ఒక్కడే మాట్లాడేవాడు. అంత సామర్థ్యం అందరికీ ఉండదు గనకే తర్వాత గదిలోకి గణాంకాల మనిషి వచ్చాడు. బీబీసీ రేడియోలో బిల్ ఫ్రిండాల్ 1966 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా స్కోరు పుస్తకం పట్టుకుని చేసిన పని అదే: మాట్లాడేవాడికి సరైన క్షణంలో సరైన అంకె అందించడం. 19 ఏళ్లకే ఆకాశవాణిలో కామెంటరీ మొదలెట్టిన హైదరాబాదీ హర్షా భోగ్లే కూడా ఈ రేడియో బడిలోంచి వచ్చినవాడే.

ఖాళీలో చెప్పే వాక్యాన్ని ఈ రంగంలో ఫిల్లర్ అంటారు. పేరు చూసి అదేదో గోతి పూడ్చే మట్టి అనుకుంటేనే చిక్కు. మంచి ఫిల్లర్ ఇప్పుడే జరిగిన దానికి ముడిపడి ఉంటుంది, ఒకే ఒక్క సంగతి చెబుతుంది, ఎక్కడ ఆపినా తెగిపోదు. మొదటి రెండూ ఏ భాషకైనా ఒకటే. మూడోది తెలుగులో బాగా కష్టం.

మన వాక్యంలో క్రియ చివర్న కూర్చుంటుంది కదా. దాంతో ఎక్కడ చిక్కు వస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. రంజీ ట్రోఫీలో తొలి సెంచరీ కొట్టింది హైదరాబాద్ ఆటగాడు సయ్యద్ మొహమ్మద్ హాదీ. దాన్ని పుస్తకంలోలాగా కార్డు మీద రాసుకుంటే ఇలా ఉంటుంది: “1934–35లో రంజీ ట్రోఫీ మొదలైన మొదటి సీజన్‌లోనే మద్రాసు మీద హైదరాబాద్ తరఫున 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచిన సయ్యద్ మొహమ్మద్ హాదీ ఆ టోర్నీ చరిత్రలోనే తొలి సెంచరీ...” ఇక్కడికి బంతి పడిపోయింది. చెప్పదలచుకున్నది చివర్లో ఉంది, అది గాల్లో కలిసిపోయింది. అదే సంగతి తలకిందులు చేయాలి: “రంజీల్లో తొలి సెంచరీ హైదరాబాదీదే. పేరు హాదీ. మద్రాసు మీద 132, నాటౌట్.” మొదటి నాలుగు మాటల తర్వాత వికెట్ పడినా వినేవాడికి సగం అందింది. రెండో వాక్యం దగ్గర ఆగినా నష్టం లేదు. తీరిక దొరికితే పొడిగించడానికి ఇంకో ముక్క విడిగా ఉంచుకోవాలి: “ఈయనే 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు.” ఎనిమిది సెకన్లలో హాయిగా పలకగలిగేవి పన్నెండు పదిహేను మాటలే. స్పిన్నర్ బౌలింగ్‌లో బంతికీ బంతికీ మధ్య 20 సెకన్లు దొరికినా వాటిలో సగం ఇప్పుడు పడిన బంతికే చెల్లిపోతాయి. కాబట్టి కార్డు మీద పదిహేను మాటలు దాటితే కొట్టేయడమే.

చార్మినార్ దృశ్యానికీ ఇదే వైద్యం. 1591లో కట్టారని అందరికీ తెలుసు. ఆటకు ముడిపడే సంగతి పాతబస్తీలోనే ఇంకో చోట ఉంది. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో పాయిగా సమాధులున్నాయి, పాలరాయిలా మెరిసే సున్నపు నగిషీలతో. ఆ పాయిగా వంశపు నవాబే మొయినుద్దౌలా. ఆయన పేరు మీద 1930–31లో మొదలైన గోల్డ్ కప్ హైదరాబాద్ క్రికెట్‌ను దేశం కళ్లలో పడేసింది. వెస్టిండీస్ దిగ్గజం లియరీ కాన్‌స్టంటైన్ కూడా వచ్చి ఆడిపోయాడు. “పాతబస్తీ పాయిగా నవాబు పెట్టిన కప్ కోసం కాన్‌స్టంటైన్ ఈ ఊరొచ్చి ఆడాడు” అంటే ఒక్క ఊపిరి పట్టే మాట, చూపిస్తున్న దృశ్యమూ దాంట్లో ఉంది, ఆటా ఉంది. బిర్యానీ ఎక్కడికీ పోదు, లంచ్ విరామంలో తినొచ్చు.

అయితే ఇవన్నీ ముందే రాసుకొచ్చే సరుకు. కామెంటరీ బృందం అసలు నేర్పు మ్యాచ్ నడుస్తుండగా పుట్టే ఫిల్లర్లో తెలుస్తుంది. 2024 జనవరిలో ఉప్పల్‌లో జరిగిన భారత్–ఇంగ్లండ్ టెస్టు దానికి పాఠ్యపుస్తకం లాంటిది. మొదటి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 246, భారత్ 436. ఆధిక్యం 190. మూడో రోజు ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో 163కే ఐదు వికెట్లు పోయాయి, ఇంకా 27 వెనకే. ఆ ఘడియలో ఎవరి చేతిలోనైనా సిద్ధంగా ఉండే కార్డు ఒకటే: సొంతగడ్డ మీద మొదటి ఇన్నింగ్స్‌లో వందకు పైగా ఆధిక్యం దక్కాక భారత్ ఓడిన టెస్టు లేదు. అప్పటికి నిజమే. కానీ దాన్ని “ఎప్పుడూ ఓడదు” అన్న ధోరణిలో చదివితే జోస్యం అవుతుంది, “ఇంతవరకు ఓడలేదు” అంటే వాస్తవం అవుతుంది. ఆ ఒక్క మాట నాలుగో రోజు సాయంత్రం పరువు కాపాడుతుంది. 231 లక్ష్యంతో దిగిన భారత్ 119కి ఏడు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు అదే కార్డు మళ్లీ బయటికి తీయొచ్చు, ఈసారి గుండె దడతో. ఒకే వాస్తవం మూడో రోజు ధీమా, నాలుగో రోజు ప్రమాద ఘంటిక.

అంతకన్నా గొప్ప ఫిల్లర్ ఆ మ్యాచ్‌లో ఓలీ పోప్ ఇచ్చాడు. 110 దగ్గర అతని క్యాచ్ అక్షర్ పటేల్ చేతిలోంచి జారింది. ఆ క్షణంలో ఏ కార్డూ చదవకూడదు. జనం ఉసూరుమన్న చప్పుడే చాలు, రీప్లే పడనివ్వాలి. కానీ గదిలో ఎవరో ఒకరు కాగితం మీద “110” అని రాసి గీత గీసి పెట్టుకోవాలి. అక్కణ్నుంచి ప్రతి కాసేపటికీ ఒక అంకె తయారవుతూ ఉంటుంది. మూడో రోజు ఆట ముగిసేసరికి పోప్ 148, “జారిన క్యాచ్ ఖరీదు 38.” నాలుగో రోజు పోప్ 196 దగ్గర బుమ్రాకు దొరికాడు, ఖరీదు 86కి చేరింది. చివరికి భారత్ ఓడింది 28 పరుగుల తేడాతో. ఈ లెక్కకు ఏ గణాంకాల కంప్యూటరూ అక్కర్లేదు, తీసివేత వస్తే చాలు. వినేవాడికి మాత్రం రెండు రోజుల మ్యాచ్ మొత్తం ఒక దారానికి గుచ్చినట్టు అర్థమవుతుంది. అదే మ్యాచ్‌లో టామ్ హార్ట్‌లీ సంగతీ అంతే. టెస్టుల్లో అతని తొలి బంతినే జైస్వాల్ సిక్సర్ కొట్టాడు. ఆ వేళ నవ్వుకుని మరిచిపోకుండా రాసుకున్నవాడికే రెండో ఇన్నింగ్స్‌లో 62 పరుగులకు 7 వికెట్లు పడ్డప్పుడు ఆ బంతి పనికొస్తుంది.

తప్పులెలా దొర్లుతాయో కూడా చూడాలి. ఎక్కువ పొరపాట్లు అబద్ధపు అంకెల వల్ల రావు, నిజమైన రెండు అంకెల్ని తొందరగా కలిపేయడం వల్ల వస్తాయి. టెస్టుల్లో భారత్ తొలి డబుల్ సెంచరీ 1955లో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ హైదరాబాద్‌లో కొట్టిన 223. శుభ్‌మన్ గిల్ 2023 జనవరి 18న వన్డేలో అదే న్యూజిలాండ్ మీద హైదరాబాద్‌లోనే 208 కొట్టాడు. ఊరు ఒకటే, ప్రత్యర్థి ఒకటే. నోరు ఊరుకోదు, “ఇదే మైదానంలో” అనేస్తుంది. కానీ ఉమ్రీగర్ ఆడింది ఫతే మైదాన్‌లో, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియంలో. ఉప్పల్ స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచ్ మొదలైందే 2005లో. “ఇదే ఊళ్లో” అంటే సరిపోయేది. మొహమ్మద్ సిరాజ్‌ను “పాతబస్తీ కుర్రాడు” అనేయడమూ ఇలాంటిదే. వినడానికి బాగుంటుంది. అతను పెరిగింది మాత్రం మూసీకి ఇవతల ఫస్ట్ లాన్సర్‌లో. బయటి ప్రేక్షకుడికి తేడా తెలియకపోవచ్చు, హైదరాబాదీ మాత్రం సౌండ్ మ్యూట్ చేస్తాడు.

వాన పడితే లెక్కలన్నీ మారతాయి. పదిహేను మాటల కార్డులు అయిదు నిమిషాల్లో అయిపోతాయి, అప్పుడు కథ కావాలి. హైదరాబాద్ కామెంటేటర్‌కు అలాంటి కథ ఒకటి ఈ ఊరే ఇచ్చింది. 1969 అక్టోబర్‌లో న్యూజిలాండ్‌తో సిరీస్ 1–1గా ఉండగా మూడో టెస్టు ఫతే మైదాన్‌లో జరిగింది. భారత్ మొదటి ఇన్నింగ్స్‌లో 89కే కుప్పకూలింది. 268 లక్ష్యానికి చివరి రోజు 76 పరుగులకు 7 వికెట్లు పోయి ఓటమి గుమ్మంలో నిలబడి ఉండగా వాన వచ్చింది. వాన వెలిసింది, ఎండా కాసింది, మైదానం ఆరబెట్టే పని మాత్రం కదల్లేదని కివీస్ ఆటగాళ్లు మండిపడ్డారు. మ్యాచ్ డ్రా. ఈ కథను అంచెలంచెలుగా రాసుకోవాలి: సిరీస్ పరిస్థితి ఒక ముక్క, 89 ఒక ముక్క, వాన ఒక ముక్క. కవర్లు తీస్తున్నారని కబురొస్తే ఎక్కడైనా ఆపి, మళ్లీ చినుకు పడితే అక్కణ్నుంచే అందుకోవచ్చు.

ఈ కార్డు చివర్లో చాలా ఏళ్లపాటు “భారత్‌లో న్యూజిలాండ్ ఇంతవరకు టెస్టు సిరీస్ గెలవలేదు” అని రాసుకునే వీలుండేది. ఇప్పుడా వాక్యం కొట్టేయాలి. 2024లో వాళ్లు 3–0తో గెలిచి వెళ్లారు, హైదరాబాద్ వాన తర్వాత 55 ఏళ్లకు.