పంచ్‌కి ముందు సెకనున్నర

ఒక నిమిషం స్కిట్ పెళ్లిచూపులతో మొదలవుతుంది. ఒక సోఫా, రెండు కుటుంబాలు, మధ్యలో జంతికల పళ్లెం. గట్టిగా నవ్వించే మాట మొత్తం మీద ఒక్కటే. దాని కోసం మిగతా సెకన్లన్నిటినీ అమర్చిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

పదో సెకను లోపే అబ్బాయి తండ్రి "మాకు కట్నం ఒక్క రూపాయి కూడా వద్దండీ" అంటాడు. వెంటనే అమ్మాయి తల్లి ముఖం. ఆవిడ భర్త వైపు చూసి, కళ్లతోనే దేవుడికి దండం పెట్టుకుంటుంది. ఈ రియాక్షన్ షాట్‌ని దాదాపు 2 సెకన్లు ఉంచారు. ఇది నవ్వు కోసం కాదు, నమ్మకం కోసం. వీళ్లు మంచివాళ్లని చూసేవాళ్లూ నమ్మితేనే తర్వాత అది తలకిందులవుతుంది.

ఆ తర్వాత చుట్టరికాలు, కుశలప్రశ్నలు. అబ్బాయి మాత్రం మాట్లాడకుండా జంతికలు నములుతూనే ఉంటాడు. ఆ కరకర శబ్దం మన చెవికి అలవాటవుతుంది. 40వ సెకను దగ్గర అమ్మాయి అడుగుతుంది: "అబ్బాయి ఏం చేస్తుంటారండీ?"

కరకర ఆగిపోతుంది. జంతిక నోటి దగ్గరే నిలిచిపోతుంది. సెకనున్నర నిశ్శబ్దం. ఆ కాస్త వ్యవధిలో మనమే ఏదో ఒక ఉద్యోగం ఊహించేసుకుంటాం. అప్పుడు తండ్రి నింపాదిగా అంటాడు: "కట్నం వద్దన్నది అందుకేనమ్మా."

వాక్యం కూర్పు గమనించండి. "అందుకేనమ్మా కట్నం వద్దన్నది" అని ఉంటే మొదటి మాటకే విషయం తెలిసిపోయి, మిగతాది వృథా అయ్యేది. గుట్టు విప్పే మాట చివరికి వచ్చింది, దాని తర్వాత ఇంకో అక్షరం లేదు. ఆ మాట పూర్తయ్యేదాకా కెమెరా తండ్రి మీదే ఉంది. అరసెకను ముందు, అంటే ఓ 15 ఫ్రేముల ముందు, తల్లి ముఖానికి కట్ చేసి ఉంటే ఆవిడ కళ్లే పంచ్‌ని బయటపెట్టేసేవి.

ఇప్పుడు రియాక్షన్లు. ముందు తల్లి ముఖం కాదు, అబ్బాయి ముఖం. గండం గడిచినట్టు మళ్లీ కరకర మొదలుపెడతాడు. అదే రెండో నవ్వు. తర్వాత తల్లి ఏమీ అనకుండా జంతికల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది. అది మూడోది. అక్కడితో స్కిట్ అయిపోతుంది.

నాటకంలో నటుడికి జనం నవ్వు వినిపిస్తుంది, అది తగ్గేదాకా ఆగుతాడు. ఫోన్ తెర మీద ఆ వీలు లేదు. నవ్వుకి చోటు ఎడిటరే ముందుగా వదిలిపెట్టాలి. తక్కువ వదిలితే తర్వాతి మాట నవ్వులో కొట్టుకుపోతుంది, ఎక్కువ వదిలితే వేలు పైకి తోసేస్తుంది. ఇక్కడ తర్వాతి రెండు నవ్వులకూ మాటల్లేవు కాబట్టి, మనం ఎంతసేపు నవ్వినా ఏమీ పోదు.

స్కిట్లు తీసేవాళ్లు తమది ఎవరికైనా మొదటిసారి చూపించేటప్పుడు తెరని కాకుండా వాళ్ల ముఖాన్ని చూడాలి. వాళ్లింకా నవ్వుతుండగానే తర్వాతి డైలాగ్ వచ్చేస్తే, అక్కడ ఇంకో అరసెకను కలపాలి.