గ్యాలరీ ఖాళీ చేసే ముందు

ఫోన్‌లో జాగా నిండితే ఫొటోలూ వీడియోలూ క్లౌడ్‌కు ఎక్కించి, ఫోన్‌లోవి తీసేయడం ఇప్పుడు ఇంటింటా ఉన్న పనే. ఆండ్రాయిడ్ ఫోన్లలో దీన్ని ఎక్కువగా గూగుల్ ఫొటోస్ యాప్‌తో చేస్తారు. అందులో చెరిపే దారులు రెండున్నాయి. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి, ఫలితం మాత్రం వేరు. `Free up space` గానీ, ఒక్కో ఫొటోకు వచ్చే `Delete from device` గానీ నొక్కితే ఫోన్‌లోని కాపీ మాత్రమే పోతుంది. అలా కాక ఫొటో కింద ఉండే చెత్తబుట్ట గుర్తు నొక్కితే ఫోన్‌లోదీ క్లౌడ్‌లోదీ రెండూ పోతాయి. అదే ఖాతాతో తెరిచే కంప్యూటర్‌లోనూ అది ఇక కనిపించదు. పెట్టెలో దాచిన వస్తువులా క్లౌడ్ కాపీ ఫోన్‌తో సంబంధం లేకుండా ఉండిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ యాప్‌లో కనిపించేది రెండు చోట్లనూ కలిపి చూపే ఒకే జాబితా. అందులోంచి కొట్టేస్తే రెండు చోట్లా కొట్టేసినట్టే.

ఒక ఇంట్లో షష్టిపూర్తి జరిగిందనుకుందాం. పెద్దవాళ్లు అక్షింతలు వేస్తుండగా కొడుకు పన్నెండు నిమిషాలు 4కె వీడియో తీశాడు. నిమిషానికి సుమారు 350 ఎంబీ చొప్పున అదొక్కటే 4 జీబీ దాటుతుంది. గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చే జాగా 15 జీబీ, అదీ జీమెయిల్‌కూ డ్రైవ్‌కూ కలిపి. జాగా కలిసొస్తుందని అతను బ్యాకప్ నాణ్యతను `Storage saver`లో పెట్టాడు. ఈ పద్ధతిలో 16 మెగాపిక్సెల్ మించిన ఫొటోలు ఆ కొలతకు తగ్గిపోతాయి, 4కె వీడియో 1080పి అయిపోతుంది. ఇంతవరకూ నష్టం లేదు, ఎందుకంటే అసలు ఫైలు ఇంకా ఫోన్‌లోనే ఉంది. ఆ తర్వాత `Free up space` నొక్కితే మాత్రం తగ్గించిన కాపీ ఒక్కటే మిగులుతుంది. దూరం నుంచి తీసిన అమ్మమ్మ ముఖాన్ని దగ్గరగా చూద్దామని పెద్దది చేస్తే, 4కెలో తేలిగ్గా కనిపించే కంటి ముడతలు అందులో అలుక్కుపోతాయి. తర్వాత బ్యాకప్ నాణ్యతను `Original quality`కి మార్చినా ఆ వీడియో తిరిగి 4కె కాదు. ఇంటికి విలువైన వీడియోలకు ఈ పొదుపు తగదు.

నొక్కే ముందు చూసుకోవలసింది ఎంతో లేదు. కంప్యూటర్‌లో అదే ఖాతాతో photos.google.com తెరిచి, ఆ వీడియో వివరాల్లో ఏ నాణ్యతతో ఎక్కిందో చూడాలి. తర్వాత దాన్ని చివరిదాకా నడిపి చూడాలి. ఇంకా ముఖ్యమైంది, ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి `DCIM` లోని `Camera` ఫోల్డర్‌ను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయడం. రెండు వైపులా ఫైళ్ల సంఖ్యా, మొత్తం సైజూ సరిపోతేనే కాపీ పూర్తయినట్టు. ఈ హార్డ్‌డిస్క్ కాపీ ఉంటే, ఖాతా పాస్‌వర్డ్ పోయినా, పొరపాటున చెత్తబుట్ట నొక్కినా అసలు ఫైలు చేతిలో ఉంటుంది.

చాలా ఇళ్లలో ఫొటోలు వాట్సాప్‌లోనే వస్తాయి. కెమెరా ఫోల్డర్ బ్యాకప్ అవుతోందంటే వాట్సాప్ ఫొటోలూ అవుతున్నాయని కాదు. వాట్సాప్ ఫోల్డర్‌ను బ్యాకప్ సెట్టింగ్స్‌లో విడిగా ఆన్ చేయాలి. `Free up space` బ్యాకప్ కాని వాటి జోలికి పోదు గనుక ఆ మేరకు భయం లేదు. జాగా కోసం చేత్తో ఏరి తీసేసేటప్పుడో, ఫోన్‌ను రీసెట్ చేసేటప్పుడో ఇవి పోతాయి. 15 జీబీ నిండితే బ్యాకప్ ఆగిపోతుందన్నదీ ఇక్కడే గుర్తుంచుకోవాలి. నెలల తరబడి ఆగి ఉన్నా, గ్యాలరీలో ఫొటోలు కనిపిస్తూనే ఉంటాయి గనుక ఎవరికీ అనుమానం రాదు.

ఫోన్ ఖాళీ అయ్యాక గ్యాలరీ వాడుక కొంత మారుతుంది. ఫోన్‌తో వచ్చిన గ్యాలరీ యాప్‌లోనూ, వాట్సాప్‌లో ఫొటో జతచేసే చోటా పాతవి కనిపించవు. గూగుల్ ఫొటోస్‌లో చిన్న బొమ్మలు కనిపిస్తాయి గానీ, పూర్తిగా తెరవాలంటే నెట్ ఉండాలి. అందుకే అన్నీ ఒకేసారి తుడిచేయకుండా, పాత సంవత్సరాల పెద్ద వీడియోలను ఎంచుకుని `Delete from device` నొక్కడం మేలు. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్కు లాంటి వాటి ఫొటోలు ఫోన్‌లోనే ఉంచుకుంటే సిగ్నల్ లేని ఆఫీసులో కూడా చూపించవచ్చు.

పొరపాటున చెత్తబుట్ట నొక్కేసి ఉంటే, యాప్‌లోని `Trash` తెరిచి `Restore` నొక్కాలి. బ్యాకప్ అయిన ఫొటో అక్కడ 60 రోజులుంటుంది, బ్యాకప్ కానిది 30 రోజులే. ఈలోగా జాగా కోసమని `Trash`ను కూడా ఖాళీ చేస్తే ఆ గడువు అప్పుడే తీరిపోతుంది.