రిటైరైన లీఫ్ మేనేజరు ఉత్తరం

పత్రికలో రాస్తాడు కదా, నాలుగు మాటలు దిద్దిపెడతాడని రిటైరయ్యేవాళ్లు తమ ఉత్తరాలు నా చేతిలో పెడుతుంటారు. చాలావరకు అన్నీ ఒకే రకం. మొదటి పేరా సంస్థకు కృతజ్ఞతలు. రెండో పేరా పాత జ్ఞాపకాలు. మూడో పేరాలో, ఇకపై కన్సల్టెంటుగా తన అనుభవాన్ని అందరికీ అందుబాటులో ఉంచుతానని, మీ ఆశీస్సులు కావాలని. చదివినవాడు "కంగ్రాట్స్ సార్" అని ఒక దండం బొమ్మ పెట్టి ఫోను జేబులో వేసుకుంటాడు. అతన్ని ఏమీ అనలేం. అంతకుమించి ఏం చెయ్యాలో ఉత్తరంలో లేదు మరి.

ఈసారి వచ్చింది మా బావ ఉత్తరం. ఆయన ఒక పొగాకు కంపెనీలో లీఫ్ మేనేజరుగా చేసి దిగిపోయాడు. పొదిలి వేలం కేంద్రం తెలిసినవాళ్లకు ఆ ఉద్యోగం ఏమిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వర్జీనియా పొగాకు రైతు తన ఆకును ఎక్కడపడితే అక్కడ అమ్ముకోలేడు. 1975 నాటి చట్టంతో ఏర్పడి 1976 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు దగ్గర బ్యారన్ రిజిస్టరు చేయించుకోవాలి, అనుమతించినంతే పండించాలి, బోర్డు వేలం కేంద్రానికే బేళ్లు తేవాలి. అక్కడ వరసగా పేర్చిన బేళ్ల మధ్య కంపెనీల మనుషులు నడుస్తూ ఆకు పట్టి చూసి ధర పాడతారు. ఎవరూ పాడకపోతే ఆ బేలు నోబిడ్, తిరిగి ఇంటికి. మా బావ ఇన్నేళ్లూ అట్లా నడిచిన మనిషి. మర్రిపూడి, కొనకనమిట్ల వైపు రైతులు ఆయన ముఖం చూసి ఆ రోజు బజారు ఎట్టా ఉంటుందో చెప్పేవాళ్లంటే అందులో పెద్ద అతిశయోక్తి లేదు.

ఆయన రాసిన మూడో పేరా ఇది: "పొగాకు సాగు, క్యూరింగ్, గ్రేడింగ్, కొనుగోలు, నాణ్యత, ఎగుమతి తదితర అన్ని రంగాలలో సలహాలు ఇవ్వగలను."

"బావా, ఇందులో నువ్వు రేపు పొద్దున చేసే పని ఏది?" అన్నాను.

"అన్నీ చేస్తాను రా."

"అన్నీ చేసేవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఎందుకని పిలుస్తారు?"

కాసేపు మాట్లాడుకున్నాక తేలిందేమిటంటే, ఆయనకు అన్నిటికంటే బాగా తెలిసింది, మిగతావాళ్లు అంతగా పట్టించుకోనిది బ్యారన్. కొనుగోలులో ఉన్నవాడు ఆకు చూసి వెనక్కి చదువుతాడు: ఈ ఆకు బ్యారన్‌లో ఏ రోజు చెడిందో ఆయన చెప్పగలడు. ఆకును బ్యారన్‌కు ఎక్కించాక మొదట 35 నుంచి 38 డిగ్రీల వేడి దగ్గర నింపాదిగా పసుపు తిరగనివ్వాలి. తర్వాత గాలి కిటికీలు తీసి తేమను బయటికి పంపుతూ వేడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. చివరికి ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. మొదట్లోనే తొందరపడి మంట ఎగదోస్తే ఆకులో పచ్చ అట్టాగే నిలిచిపోతుంది. తేమ పోయే దారి లేక ఆలస్యమైతే పసుపు కాస్తా గోధుమరంగు అవుతుంది. రెండూ లోగ్రేడే. ఒకే బ్యారన్‌లో ఒకవైపు కర్రలది మంచి రంగు, ఇంకోవైపు కర్రలది పచ్చ అయితే అది రైతు తొందర కాదు. ఎక్కడో గోడ పగిలో, తలుపు బిగవకో, పొగ గొట్టం తుప్పు పట్టో వేడి సమంగా అందడం లేదన్నమాట.

ఇదీ పని. ఒక బ్యారన్ దగ్గరకు వెళ్లి వేడి ఎక్కడ పోతున్నదో చూసి, రాసి, సరిచేయించి, మొదటి క్యూరింగ్ నాడు మళ్లీ వచ్చి చూసుకోవడం. "పొగాకు రంగంలో సలహాలు" అన్నదాన్ని ఎవరూ ఇంకొకరికి ఫోనులో చెప్పలేరు. "ఆయన బ్యారన్ చూసి కట్టె ఖర్చు తగ్గిస్తాడంట" అన్నది చెప్పగలరు. పాత సహోద్యోగులకు రాసే ఉత్తరం అసలు పని అంతే. వాళ్లు మనకు డబ్బులిచ్చేవాళ్లు కారు, మన పేరు మరొకరికి చేరవేసేవాళ్లు. చేరవెయ్యడానికి వీలైన మాట ఒకటి వాళ్ల చేతిలో పెట్టాలి.

డబ్బు మాట దగ్గర ఆయన మొహమాటపడ్డాడు. ఫీజు ఉత్తరంలో రాస్తే బాగుండదన్నాడు. నాకు మాత్రం రాయకపోతేనే బాగుండదనిపించింది. పెద్దాయనను ఎంతని అడగడం ఎట్టాగని అవతలివాడు పిలవడమే మానేస్తాడు. లెక్క వేశాం. కిలో ఆకు క్యూరింగ్‌కు మామూలు బ్యారన్‌లో నాలుగైదు కిలోల కట్టె పడుతుంది. సీజనుకు 30 క్వింటాళ్ల ఆకు, కిలోకు నాలుగున్నర కిలోలు అనుకుంటే పదమూడున్నర టన్నుల కట్టె. పైకప్పు కింద వేడి ఆగే ఏర్పాటు చేసి, పగుళ్లు పూడిస్తే అందులో పదో వంతు మిగిలిందనుకుందాం. టన్ను 5,000 చొప్పున 6,750 రూపాయలు. రంగు బాగుపడి వచ్చే ధర ఇందులో వెయ్యలేదు, దానికి ఎవరూ పూచీ ఉండలేరు. కాబట్టి రెండుసార్లు రావడానికి బ్యారన్‌కు 3,000 అంటే రైతు కాగితం మీద లెక్క చూసుకుని ఒప్పుకోగల మాట. సంఘంగా పది బ్యారన్లకు పిలిస్తే తగ్గింపు. పన్నుల సంగతి చిన్నదే: ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

"మంచి ధర వస్తే అందులో ఇంత శాతం అని పెడితే?" అన్నాడు బావ. అదే వద్దన్నాను. బేలుకు ధర పాడేది ఎవరు? నిన్నటిదాకా ఈయన కింద పనిచేసిన కుర్రాళ్లు. ధరలో వాటా అంటే, ఈయన బ్యారన్ బాగుచేశాడా, కుర్రాడికి ఫోను చేశాడా అన్నది ఎవరికి తెలుస్తుంది? చేయకపోయినా చేశాడనే అంటారు. పొదిలిలో ఆ మాట రెండు టీల మధ్య ఊరంతా తిరుగుతుంది.

ఇక్కడికొచ్చాక ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం ఏదో మా ఇద్దరికీ అర్థమైంది. ఏం చేస్తాడన్నది కాదు, ఏం చెయ్యడన్నది. కొనేవాడి దగ్గర జీతం తీసుకున్న మనిషి ఇప్పుడు అమ్మేవాడి దగ్గర ఫీజు తీసుకోబోతున్నాడు. కంపెనీకి ఈ ఏడు ఏ గ్రేడు ఎంత కావాలో, ఎంతదాకా పాడమన్నారో ఆయన తలలో ఉంది. అవతల ఉన్నవాళ్ల భయం అదే. వాళ్లు పైకి అడగరు. ఉత్తరమే చెప్పాలి: వేలం హాలులో అడుగుపెట్టను, ధరల గురించి మాట్లాడను, పాత కంపెనీ కొనుగోలు వివరాలు ఎవరికీ చెప్పను, ఒకే సీజనులో రైతుకూ ఎగుమతిదారుకూ ఇద్దరికీ పనిచెయ్యను.

చట్టం సంగతి కూడా చూసుకున్నాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం చెల్లదు. అందువల్ల రిటైరయ్యాక ఫలానా పని చెయ్యకూడదని అపాయింట్‌మెంటు కాగితంలో ఉన్నా అది మామూలుగా నిలవదు. కానీ రహస్యాలు బయటపెట్టకూడదన్న మాట వేరు, అది నిలుస్తుంది. ప్రభుత్వంలో చేసినవాళ్లకు లెక్క ఇంకోటి. కేంద్రంలో గ్రూప్ ఏ అధికారి రిటైరైన ఏడాదిలోపు వాణిజ్య ఉద్యోగం పట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. కన్సల్టెంటుగా బోర్డు పెట్టుకోవడం కూడా చాలా సందర్భాల్లో ఆ కింద పడుతుంది. అట్లాంటివాళ్లు ఉత్తరం రాసేముందు అనుమతి కాగితం చేతిలో పెట్టుకోవాలి.

ఎప్పుడు పంపాలన్నది పంటే తేల్చింది. ఇక్కడ నాట్లు అక్టోబరు, నవంబరులో. బ్యారన్లు ఆ తర్వాతగాని వెలగవు. మైసూరు వైపు హున్సూరు, పెరియాపట్నం కేంద్రాల్లో సెప్టెంబరు దాటితే కొనుగోళ్ల సందడి, అక్కడికి బదిలీ అయిన పాత మిత్రులకు ఊపిరి సలపదు. పొదిలి వేలం ముగింపుకొచ్చి, బ్యారన్ ఖాళీగా ఉండి, రైతు చేతిలో నాలుగు డబ్బులుండే ఆగస్టు మొదటి వారమే దీనికి తగిన కాలం. ఫిబ్రవరిలో పంపితే అందరూ మెచ్చుకుంటారు, ఒక్కరూ గోడ పూడ్చరు.

ఎవరికి పంపాలో కూడా విడదీశాం. ఆఫీసు మెయిల్ జాబితా వాడలేదు, అది కంపెనీది. వాట్సాప్ గ్రూపులో ఒక్కసారిగా వెయ్యలేదు. ఇప్పుడు కుర్చీలో ఉన్న జూనియర్లకు విడిగా, రెండు వాక్యాలతో పంపాడు, వాళ్లు దీన్ని పాత మేనేజరు ఆజ్ఞలా తీసుకోకూడదని. వేరే కంపెనీలకు వెళ్లినవాళ్లకు, వ్యవసాయ కాలేజీల్లో స్థిరపడినవాళ్లకు పూర్తి ఉత్తరం. పాత బాసులకు ముందుగా ఫోను, తర్వాతే ఉత్తరం. అది మర్యాద.

చివరికి నిలిచిన ఉత్తరం ఇది:

"మిత్రులకు, గత నెలాఖరున ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాను. వచ్చే సీజనుకు పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాల్లో వర్జీనియా బ్యారన్లను పరిశీలించే పని సొంతంగా మొదలుపెడుతున్నాను. అక్టోబరులోపు ఒకసారి వచ్చి వేడి పోయే చోట్లు గుర్తించి రాసిస్తాను. మొదటి క్యూరింగ్‌కు మళ్లీ వస్తాను. బ్యారన్‌కు 3,000 రూపాయలు. వేలంలో, ధరల్లో, గ్రేడు నిర్ణయంలో నాకు పాత్ర ఉండదు. పాత సంస్థ వివరాలు అడగవద్దని మనవి. కట్టె ఖర్చుతో ఇబ్బందిపడే రైతు సంఘం మీకు తెలిస్తే నా నంబరు వాళ్లకు ఇవ్వండి. ఈ సీజనుకు నలభై బ్యారన్లు దాటి ఒప్పుకోను."

నలభై అన్న అంకె ఆయనే పెట్టాడు. మొదటి క్యూరింగులు అన్నీ ఒకే పక్షంలో పడతాయి, అంతకుమించి తిరగలేనన్నాడు. కృతజ్ఞతల పేరా తీసేశాం. అది వీడ్కోలు సభలో చెప్పేశాడు.

జవాబులు వచ్చాయి. దండం బొమ్మలు ఎక్కువే. ఒక పాత మిత్రుడు కనిగిరి వైపు రైతు సంఘం నంబరు పంపాడు, వాళ్లు ఆరు బ్యారన్లు చూడమన్నారు. ఇంకొకాయన "మీవాళ్లు ఈ ఏడు మీడియం గ్రేడు తీసుకుంటారా?" అని మెల్లగా అడిగాడు. బావ ఏమీ రాయకుండా ఉత్తరంలోని పాత సంస్థ వివరాలు అడగవద్దన్న వాక్యాన్నే మళ్లీ పంపాడు. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి, పనికిరాని గొట్టం పాతికవేలు పెట్టి మార్చమని రైతుకు చెప్పాల్సి వస్తే, ఆ గొట్టాలమ్మే దుకాణంవాడు కమీషన్ ఇస్తానంటే ఏం చెయ్యాలని అడిగాడు. ఉత్తరంలో ఇంకో వాక్యం పెరిగింది.