తాళం తీసి ఉన్నా తలుపు తట్టే పేజీ

రైతు బజారులో కూరలు కొని క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. బిల్లు 240 రూపాయలు. అమ్మినావిడ పేరు తెర మీదికొచ్చింది, అంకె కొట్టి పే నొక్కాను. అప్పటిదాకా రంగులతో, బొమ్మలతో, ఆఫర్లతో సందడిగా ఉన్న యాప్ ఒక్కసారిగా నోరు మూసుకుంది. తెల్లటి పేజీ ఒకటి వచ్చింది. పైన నా బ్యాంకు పేరు, ఖాతా చివరి అంకెలు, పక్కన UPI గుర్తు. దాని కింద ఎవరికి, ఎంత. మధ్యలో ENTER 6-DIGIT UPI PIN. అడుగున అంకెల పలక, మూలన టిక్కు.

పక్కనున్న మా మేనత్త తొంగిచూసి, "ఏరా, ఫోన్ తాళం తీసే ఉందిగా! మళ్లీ ఏం అడుగుతోంది?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. నేను వేలిముద్రతో ఫోన్ తెరిచి రెండు నిమిషాలు కూడా కాలేదు. నేనే అని ఫోన్‌కి తెలుసు. మరి ఇంకెవరికి తెలియాలి?

జవాబు ఆ తెల్లటి పేజీలోనే ఉంది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్, వీటిలో ఏ రెంటినైనా తెరిచి పిన్ దాకా వెళ్లి పోల్చండి. మిగతా తెరలన్నీ దేనికవే వేరుగా ఉంటాయి. పిన్ పేజీ మాత్రం అన్నిటిలోనూ అదే. ఎందుకంటే ఆ పేజీ యాప్ వాళ్లది కాదు. యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే ఎన్‌పీసీఐ, తయారుచేసి ఇచ్చిన ముక్క అది. దాన్ని కామన్ లైబ్రరీ అంటారు. యూపీఐ చెల్లింపులు నడపాలంటే ప్రతి యాపూ దాన్ని తనలో పొదువుకోవాల్సిందే. అంకెల పలక కూడా ఫోన్‌లో మనం వాడే కీబోర్డు కాదని గమనించారా? ఎక్కడినుంచో దించుకున్న కీబోర్డయితే కొట్టిన ప్రతి అంకెనూ గుర్తుపెట్టుకోవచ్చు. అందుకని పేజీ తన పలక తనే గీసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీయబోతే ఫోన్ ఒప్పుకోదు.

ఇంక టిక్కు నొక్కాక జరిగేది. ఆ ఆరంకెలు అక్కడికక్కడే, పేజీ దాటకముందే, ఎన్‌పీసీఐ తాళంతో రహస్య లిపిలోకి మారిపోతాయి. వాటితో పాటు ఆ ఒక్క లావాదేవీకి చెందిన వివరాలూ ముడిపడతాయి. కాబట్టి ఈ 240 రూపాయల కోసం కట్టిన మూటను ఎవరైనా దారిలో కొట్టేసి రేపు 24,000కి వాడుదామంటే చెల్లదు. యాప్ చేతికి వచ్చేది ఈ కట్టిన మూటే. విప్పే తాళంచెవి దాని దగ్గర లేదు. సీలు వేసిన కవరును పోస్ట్‌మ్యాన్ మోసినట్టు మోస్తుంది, అంతే. ఎన్‌పీసీఐ దాన్ని విప్పి, నా బ్యాంకు తాళంతో మళ్లీ కట్టి పంపుతుంది. సరిచూసేది బ్యాంకు. తప్పయితే బ్యాంకు నుంచి ZM అనే కోడ్ తిరిగొస్తుంది. వరసగా తప్పులు కొడితే Z6, అంటే ఇక ప్రయత్నాలు అయిపోయాయని. అప్పుడు బ్యాంకు కొంతసేపు పిన్‌ను ఆపేస్తుంది.

నాకు నచ్చిన పనితనం ఇదే. యాప్ ఇంట్లో కూర్చుని, యాప్ వినకుండా, బ్యాంకు నాతో మాట్లాడుతోంది.

పిన్ బ్యాంకు ఖాతాదేనని మన అనుభవంలోనే ఆధారాలు దొరుకుతాయి. ఒకే యాప్‌లో రెండు బ్యాంకుల ఖాతాలు కలిపితే దేని పిన్ దానిదే. ఒకే ఖాతాను రెండు యాప్‌లలో కలిపితే రెంటికీ ఒకే పిన్. కొత్త ఫోన్ కొని యాప్ వేసుకున్నా పాత పిన్నే పనిచేస్తుంది. కొన్ని ఖాతాలకు నాలుగంకెలు, కొన్నిటికి ఆరు ఎందుకంటే, ఎన్నంకెలన్నది బ్యాంకు చెబుతుంది, పేజీ అన్ని గళ్లు గీస్తుంది.

ఫోన్ తాళం సంగతి వేరు. వేలిముద్ర చూసి అవునో కాదో తేల్చుకునేది ఫోన్ ఒక్కటే, అదీ తన లోపలే. ఆ ముద్రను బ్యాంకు ఎన్నడూ చూడలేదు. పైగా ఫోన్‌లో రెండో వేలు ఎవరిదో బ్యాంకుకేం తెలుసు? మా ఇంట్లో నా ఫోన్ తాళం అంకెలు నలుగురికి తెలుసు, మా అబ్బాయి వేలు కూడా అందులో నమోదై ఉంది. ఆటలాడుకోవడానికి ఇచ్చిన అనుమతి అది, ఖాతాలోంచి డబ్బు తీయడానికి కాదు.

అలాగని ఫోన్‌కి ఈ కథలో పాత్ర లేకపోలేదు. మొదటిసారి యాప్ వేసుకున్నప్పుడు మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్లడం గుర్తుందా? ఆ నంబరు, ఆ ఫోన్, ఆ యాప్ మూడింటినీ అది ఒక ముడి వేసింది. చెల్లింపులో మొదటి సాక్ష్యం ఆ ముడి: ఇది ఆయన ఫోనే అని. రెండో సాక్ష్యం పిన్: పట్టుకున్నది ఆయనే అని. ఫోన్ పోయినవాడికి పిన్ కాపలా, పిన్ ఎవరి కంటో పడ్డవాడికి ఫోన్ కాపలా.

చిన్న మొత్తాలకు ఈ కాపలాను కొంత సడలించారు. 2022లో వచ్చిన యూపీఐ లైట్‌లో ముందే కొంత డబ్బు పక్కన పెట్టుకుంటే టీ కొట్టు దగ్గర పిన్ అడగదు. పోతే ఆ పక్కన పెట్టిందే పోతుంది. 2025 అక్టోబరులో పిన్‌కి బదులు వేలిముద్ర, ముఖం వాడుకునే వీలూ ఇచ్చారు. ఇది మా అత్త మాటకు దగ్గరగా వచ్చినట్టుంటుంది గానీ పూర్తిగా కాదు. అక్కడా ఫోన్ "అవును, ఈయనే" అంటే సరిపోదు, ప్రతి చెల్లింపునూ బ్యాంకు తన వైపునుంచి సరిచూసుకుంటుంది.

పేజీకి చేతకానివీ ఉన్నాయి. వెనక నిలబడి చూసేవాడి కళ్లు మూయలేదు. "మీకు డబ్బు రావాలంటే పిన్ కొట్టండి" అనే ఫోన్ మోసాన్ని కూడా ఆపలేదు. మనకు వచ్చే డబ్బుకు పిన్ అక్కర్లేదు, బ్యాలెన్స్ చూడటానికో పిన్ మార్చడానికో కాకుండా ఆ పేజీ వచ్చిందంటే డబ్బు పోతోందనే అర్థం. ఎవరికి, ఎంత అన్నది పైనే రాసి ఉంటుంది, చదివే ఓపిక ఉంటే. వీటికన్నా పెద్ద సందు ఇంకొకటుంది. పిన్ మరిచిపోయి డెబిట్ కార్డుతో కొత్తది పెట్టుకోవాలంటే కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ కావాలి. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అది మంచిదే. ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే. అంటే తాళం తీసిన ఫోనూ కార్డూ ఒకే చేతికి చిక్కితే, పాత పిన్ తెలియకుండానే చాలా దూరం వెళ్లొచ్చు.

ఇదంతా చెబుతూ మా అత్త ఫోన్ అందుకున్నాను. దాని తోలు కవరు వెనక అరలో డెబిట్ కార్డు, బస్సు టికెట్టుతో కలిసి మడతలో ఉంది. తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"దీన్నెక్కడ పెట్టుకోనురా మరి?" అంది, కూరల సంచీలో వెతుకులాడుతూ.