చెరువు చేసే పని

ఎంత చెప్పినా చలనం లేని మనిషిని చూసి ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’ అని తేలిగ్గా అనేస్తాం. గేదెలున్న ఇంట్లో పెరిగినవాణ్ణి కావడం వల్ల, ఆ సామెత విన్నప్పుడల్లా దున్నపోతు తరఫున ఒక మాట చెప్పాలనిపిస్తుంది. వాన పడుతుంటే అది కదలకుండా నిలబడేది ఏమీ పట్టక కాదు, ఆ తడి దాని ఒంటికి కావాలి గనక. ఆవు చూరు కిందికి పరిగెడుతుంది, గేదె తడుస్తూ నిలబడుతుంది. ఈ తేడా అంతా రెండింటి తోలులోనే ఉంది.

చంపావతి ఒడ్డున మా ఊళ్లో వేసవి పనులు ఎండను బట్టి నడిచేవి. తెల్లవారకముందే పాలు తీసేవారు. పొద్దు పొడిచేసరికి పశువులు మేతలో ఉండేవి. పది దాటి ఎండ ముదరగానే ఆవుల్ని చింతచెట్ల కిందికి, గేదెల్ని చెరువుకి తోలేవారు. మళ్లీ పొద్దు వాలాకే మేత. గేదెలు కాసే పెద్దాయన్ని మేం ‘ఇవెందుకు తాతా నీళ్లలోంచి లేవవు?’ అని అడిగితే, ‘ఆవు ఎండకి ఓర్సుకుంతాది బావూ, గేదె ఓర్సుకోలేదు. దానికి సెమటుండదు, నీరు సూపించాల’ అనేవాడు. ఆయన చెప్పిన దానికి పశువైద్య శాస్త్రం పెద్దగా కలిపింది ఏమీ లేదు, కొలతలు తప్ప.

గేదెకు చెమట గ్రంథులు ఉంటాయి గానీ చాలా తక్కువ. ఒకే వైశాల్యం తోలులో ఆవుకున్న వాటిలో దాదాపు ఆరో వంతే. చెమట ఆవిరయ్యేటప్పుడు ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది. మన నాటు ఆవులు, ఒంగోలు జాతివీ ఈ పనిలో గట్టివి. వాటికి చెమట బాగా పడుతుంది. పొట్టి వెంట్రుకలు, చాలావాటికి లేత రంగు, గంగడోలుతో కలిసి వదులుగా వేలాడే తోలు. ఇవన్నీ వేడిని బయటికి పంపడానికి పనికొచ్చేవే. జెర్సీ సంకర ఆవు వాటంత ఓర్చుకోలేదు. ఎక్కువ పాలిచ్చే పశువుకు మేత అరగడంలోనూ, పాలు తయారవడంలోనూ లోపలి వేడి ఎక్కువ పుడుతుంది. ఆ వేడికి మన ఎండ తోడవుతుంది. అయినా చెమట విషయంలో గేదె దానికంటే కూడా వెనకే. పైగా గేదె తోలు నల్లన, వెంట్రుకలు పలచన. ఎండ నేరుగా తోలు మీద పడుతుంది, నలుపు దాన్ని పీల్చుకుంటుంది.

అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1981లో గేదెల మీద వేసిన పుస్తకంలో ఈజిప్టు పరీక్ష ఒకటి ఉంది. గేదెల్నీ ఆవుల్నీ రెండు గంటలు ఎండలో ఉంచితే, గేదెల ఒంటి వేడి 1.3 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఆవులది 0.2 నుంచి 0.3 డిగ్రీలే. ఇంత చూసి గేదె వేడి దేశాలకు పనికిరాని పశువు అనుకుంటే పొరపాటే. నీడకో నీళ్లకో చేరిన గేదె చప్పున చల్లబడుతుంది. ఆ నల్లటి తోలు కింద రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. లోపలి వేడిని రక్తం పైకి తెస్తుంది, తోలుకు తగిలిన నీరు దాన్ని లాగేస్తుంది. ఎండలో శత్రువైన తోలే నీళ్లలో దానికి మేలు చేస్తుంది. ఆవు తన చల్లదనాన్ని తానే తయారుచేసుకుంటుంది, గేదె బయటి నుంచి తెచ్చుకుంటుంది.

మన తీరానికి ఇది మరీ ముఖ్యం. ఎందుకో తెలియాలంటే ఒక థర్మామీటర్ గుబ్బకు తడిగుడ్డ చుట్టి గాలికి వేలాడదీయండి. అది చూపించే వేడే ఆ పూట చెమట ఆవిరై చల్లార్చగలిగే హద్దు. హర్యానాలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, గాలిలో 20 శాతం తేమ ఉందనుకుందాం. తడిగుడ్డ థర్మామీటర్ 24 దగ్గర నిలుస్తుంది. అదే వేళ భోగాపురం దగ్గరో కళింగపట్నం దగ్గరో 34 డిగ్రీలే ఉండి తేమ 75 శాతం ఉంటే, అది 30 దగ్గర ఆగిపోతుంది. పేపర్లో మన ఊరి వేడి ఎనిమిది డిగ్రీలు తక్కువ. పశువు తోలు మీద మాత్రం మన ఊరే ఆరు డిగ్రీలు ఎక్కువ. ఉక్కపోత అని మనం అనేది దీన్నే. ఇలాంటి రోజున ఆవు చెమట కూడా తోలు మీదే నిలిచిపోయి సరిగ్గా ఆరదు.

చెరువుకు ఈ ఇబ్బంది లేదు. నీళ్లలో మునిగిన ఒంటి నుంచి వేడి నేరుగా నీటిలోకి పోతుంది, అక్కడ గాలిలో తేమతో పని లేదు. నిశ్చలంగా ఉన్న గాలికంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని మోసుకుపోగలదు. గేదె ఒళ్లు 38 డిగ్రీల పైచిలుకు ఉంటుంది. చెరువు నీరు 31 ఉన్నా, ఆ ఏడు డిగ్రీల తేడా చాలు. లోతు లేని మడుగు మూడు గంటలకు పైపైన కాగిపోతుంది. అప్పుడు గేదెలు నడి చెరువుకు జరుగుతాయి, లేదా అడుగు బురదను కెలికి అందులో పడుకుంటాయి. మనవి ఏటి జాతి గేదెలు, తేట నీరే ఇష్టం. ఆగ్నేయాసియాలో దమ్ము చేసే చిత్తడి జాతివి బురదనే కోరుకుంటాయి. అయితే మనవాటికీ బురద వృథా కాదు. ఒంటికి పట్టిన తడిబురద నీళ్లకంటే నెమ్మదిగా ఆరుతుంది, ఆరినంతసేపూ చల్లబరుస్తుంది. జోరీగలు, పిడుదులు కూడా అంత సులువుగా కుట్టలేవు.

అలాగని చెరువు లేనిదే గేదె బతకదని కాదు. ఆస్ట్రేలియా, ట్రినిడాడ్, ఫ్లోరిడాల్లో మంచి నీడ ఉంటే మునక లేకుండానే గేదెలు మామూలుగా పెరిగాయని ఆ 1981 పుస్తకమే చెబుతోంది. మన ఉద్దానంలోనూ నేల ఇసుకది, నీరు నిలవదు, కొబ్బరి నీడే పశువుకు దిక్కు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. లెక్కలన్నీ చెట్ల కింద, కాయల కింద రాశారు. ఆ చెట్ల కింద నిలబడే పశువు నీడ ఏ నష్టపరిహారం కాగితంలోనూ ఎక్కలేదనే నా బాధ. కొబ్బరి మొక్క నీడనిచ్చే వయసుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు చాలా ఊళ్లలో చెరువు ఉన్నా గేదెకు అందడం లేదు. కొన్ని చేపలకు పాటకు పోయాయి, కొన్నింటిని గుర్రపుడెక్క కమ్మేసింది, ఊరిబందలు పూడి ఇళ్లయ్యాయి. తోలుకెళ్లే మనిషీ లేడు. గేదె ఇంటిముందు రేకుల షెడ్డులో గుంజకు కట్టేసి ఉంటుంది. కాలిన రేకు పైనుంచి వేడి కురిపిస్తుంది, కాబట్టి అది నీడే కాదు. తాటాకో గడ్డో పైన మందంగా పరిచి తడిపితేనే దాన్ని నీడ అనొచ్చు.

అలా కట్టేసిన గేదెకు ఎంత నీరు కావాలో లెక్క కట్టి చూద్దాం. 400 కిలోల గేదె ఒంటి వేడి ఒక డిగ్రీ తగ్గాలంటే ఇంచుమించు 335 కిలోకేలరీలు బయటికి పోవాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీలు పట్టుకుపోతుంది. అంటే అరలీటరు పైన కొంచెం ఆవిరైతే చాలు. కాకపోతే అది తోలు మీదే ఆవిరవ్వాలి. బిందెడు నీళ్లు గుమ్మరిస్తే సగానికి పైగా కింద పారిపోతాయి, మిగిలిన తడి ఉక్కలో ఆరదు. అందుకే నీళ్లతోపాటు గాలి కావాలి. వెన్ను, మెడ, డొక్కలు తోలంటా తడిసేలా పోసి, ఫ్యాన్ పెట్టో, షెడ్డు దడి విప్పి సముద్రపు గాలి తగిలేలా చేసో ఆరనివ్వాలి. ఆరాక మళ్లీ పోయాలి. పదకొండు నుంచి నాలుగు గంటల మధ్య ఇలా మూడు నాలుగు సార్లు. మూసిన షెడ్డులో నీళ్ల తుంపరలు మాత్రమే చిమ్మితే గాలిలో తేమ పెరిగి ఉక్క ఇంకా ఎక్కువవుతుంది. హర్యానాలో ముర్రా గేదెలకు బాగా పనిచేసిన పద్ధతి ఇక్కడ ఫ్యాన్ లేకుండా చేస్తే పనిచేయకపోవడానికి కారణం ఇదే.

చాలిందో లేదో గేదె డొక్క చెబుతుంది. పక్కన నిలబడి నిమిషంపాటు డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టండి. తీరుబడిగా ఉన్న గేదెకు ఇరవై అటూఇటూగా ఉంటుంది. నలభై దాటితే నీరూ గాలీ చాలడం లేదు. నోరు తెరిచి, నాలుక చాపి, చొంగ కారుస్తూ, మేత ముట్టకుండా ఉంటే, మలద్వారంలో పెట్టిన థర్మామీటర్ 104 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే అది వడదెబ్బే. నీడకు చేర్చి తల, మెడ మీద ఆపకుండా నీళ్లు పోస్తూ పశువైద్యుణ్ణి పిలవాలి.

చెరువు అందుబాటులో ఉన్నవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాలు తీసిన వెంటనే చనురంధ్రాలు మూసుకోవు. ఆ అరగంటలో గేదె బురదలో పడుకుంటే క్రిములు లోపలికి పోయి పొదుగువాపు వస్తుంది. పాలు తీశాక ఇంత గడ్డి వేసి నిలబెట్టి, తర్వాతే తోలాలి. తిరిగి వచ్చాక పొదుగు కడిగి, తుడిచి ఆరనిచ్చాకే పాలకు కూర్చోవాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ వేడి ఆ నెలతో పోదు. వేసవిలో గేదెల్లో ఎద సరిగ్గా కనబడదు. అరుపు లేని మూగ ఎద తెల్లవారుజామున వచ్చి తెలియకుండానే పోతుంది. గేదె చూడి మోసేది పది నెలలు. చలికాలం మొదట్లో కట్టినవి వానాకాలం చివర ఈనుతాయి, వేసవిలో కట్టాల్సినవి మాత్రం ఖాళీగా మిగులుతాయి. మే నెలలో గేదెను చల్లగా ఉంచినవాళ్లకే మరుసటి మార్చిలో, పాలు కరువైన రోజుల్లో, ఈనిన గేదె ఉంటుంది.

ఊరి చెరువును వేలం వేసే పంచాయతీలను నేను అడిగేది ఒక్కటే. ఒక పక్క రేవును పశువులకు వదలండి. గుర్రపుడెక్క తీయించి, మధ్యాహ్నం నాలుగు గంటలు అక్కడ ఎవరూ అడ్డు చెప్పకుండా చూడండి. ఆ రేవు లేని ఊళ్లో గేదెను గుంజకు కట్టినవాళ్లు చెరువు చేసే పనిని తమ చేతులతో చేయాల్సిందే.